మోటార్ కట్టారా?

నిన్న పొద్దున్న జరిగింది, పక్కింటి పిన్నిగారు కనిపిస్తే ఇంకా తలుపు చాటుకి తప్పుకుంటున్నా.

మా ఇంట్లో గొడవలు బోలెడు రకాలనుకునేవాడిని. లెక్కేస్తే ఒక్కటే, ఎనిమిదేళ్లుగా రీటెలికాస్ట్. మా ఆవిడ "మోటార్ కట్టారా?" అంటుంది, నాకు "మీకు ఒక్క పనీ చేతకాదు" అని వినిపిస్తుంది. నేను నోరు మూసుకున్నకొద్దీ ఆవిడ గొంతు పెంచుతుంది, ఆవిడ పెంచినకొద్దీ నేను ఫోన్లో దూరతా, అది ఆవిడకి "నీ మాట నాకు లెక్కలేదు" అని వినిపిస్తుంది. ఈలోపు మోటార్ సంగతి ఇద్దరికీ గుర్తుండదు.

ఈమధ్య జాన్ గాట్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు గురించి చదివా. మొగుడూపెళ్లాల ఒంటికి వైర్లు తగిలించి, ఇక పోట్లాడుకోండని ఏళ్లతరబడి చూస్తూ కూర్చున్నాడట, ఏం ఉద్యోగమో! దంపతుల తగాదాల్లో 69 శాతం ఎప్పటికీ తెగనివేనట, ఇద్దరి స్వభావాలూ వేరు కాబట్టి. తెగేదాకా లాగడం మానేసి, పోట్లాడే పద్ధతి మార్చుకోమంటాడు. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు, అప్పుడు కనీసం 20 నిమిషాలు గొడవ ఆపమంటాడు.

నిన్న ఆవిడ "మోటార్..." అనగానే వాచీ చూసుకున్నా, 112. మాట్లాడకుండా లేచి డాబా ఎక్కేశా. ఇక్కడే రెండు తప్పులు చేశా. ఎప్పుడొస్తానో చెప్పి వెళ్లాలి, చెప్పకుండా పోతే అది బ్రేక్ కాదు, పాత అలకే. రెండోది, ఆ 20 నిమిషాలూ గొడవ తలుచుకోకూడదు. నేనేమో ట్యాంకు నీడలో కూర్చుని వాళ్ల తమ్ముడి పెళ్లి దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న డిష్ యాంటెన్నానే ఆవిడనుకుని, చెయ్యి ఊపుతూ జవాబులు ప్రాక్టీస్ చేశా, ఒకటి మరీ బాగా కుదిరిందని రెండుసార్లు కూడా అన్నా. వాచీ 118. పక్కన జలజలా నీళ్ల చప్పుడు. ఆహా, ఎంత హాయిగా ఉందో అనుకున్నా. లుంగీ తడిసింది. అప్పటిక్కూడా నాకు వెలగలేదు, ఎవరో మొక్కలకి నీళ్లు పోస్తున్నారనుకున్నా!

ట్యాంకు పొంగి, ఆ నీళ్లు పిట్టగోడ తూము లోంచి సరాసరి పక్కింటి రేకుల మీద ఆరబెట్టిన తెల్ల పంచె మీదకి. పంచె మీద పిన్నిగారి గుమ్మడి వడియాలు. రెండెండలు కాసినవి. ఆవిడ వీధి మొత్తానికీ వినపడేలా అరిచింది, "బాబూ, ఆ యాంటెన్నాకి చెప్పేది తర్వాత చెబుదువు, మోటార్ కట్టు!"

అంటే ఆవిడ మొదట్నుంచీ చూస్తూనే ఉంది.

నిండగానే దానంతటదే ఆగుతుందని రెండువేల అయిదొందలు పుచ్చుకుని సెన్సర్ బిగించిన కుర్రాడు ఫోనెత్తడు, అది వేరే సంగతి. మా ఆవిడేమో నిన్నట్నుంచీ ఏమీ అనట్లేదు, పప్పు వడ్డిస్తూ మాత్రం, "యాంటెన్నాగారు భోంచేశారా?" అంది.