వెనక్కి తిరిగే వేళ ముందే రాసుకోవాలి

దసరా సెలవులయ్యాక సంక్రాంతి వచ్చేలోపు బడుల్లో ట్రెక్కింగ్ క్యాంపుల సందడి మొదలవుతుంది. తల్లిదండ్రులకు పంపే కాగితంలో బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో, రుసుము ఎంతో, ఏ దుప్పటి తెచ్చుకోవాలో అన్నీ ఉంటాయి. కొండ మీద ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో మాత్రం ఉండదు. ఆ సమయాన్ని అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చనుకోవడం తప్పు. దాన్ని బడిలోనే, కాగితం మీద లెక్క కట్టాలి.

నంద్యాల జిల్లా అహోబిలానికి తొమ్మిదో తరగతి పిల్లలు 40 మంది నవంబరులో మూడు రోజుల క్యాంపుకు వెళ్తున్నారనుకుందాం. దిగువ అహోబిలంలో బస. మొదటి రోజు చేరుకోవడం, సాయంత్రం మూడు కిలోమీటర్లు మించని నడక. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన పిల్లల్ని తెల్లవారగానే కొండెక్కించకూడదు. రెండో రోజు ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుడి దాకా, రానూపోనూ దాదాపు 8 కిలోమీటర్లు. మూడో రోజు చిన్న నడక, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. ఉగ్ర స్తంభం అనే కొండ శిఖరం ఊసు వద్దు. చివర్లో ఉన్న ఆ నిటారు ఎక్కుడు 40 మంది వరుసగా ఎక్కేది కాదు.

ఇప్పుడు లెక్క. చదును నేల మీద గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట అన్నది 1892లో స్కాట్లండ్‌కు చెందిన నైస్మిత్ చెప్పిన సూత్రం. ఇది గట్టి పెద్దవాళ్ల నడకకు సరిపోతుంది. జ్వాలా గుడి దాకా ఎక్కుడు 300 మీటర్లు అనుకుంటే 4 కిలోమీటర్లకు 48 నిమిషాలు, ఎక్కుడుకు అరగంట, మొత్తం 78 నిమిషాలు. పిల్లల వరుసకు సగం కలపాలి, అప్పుడు దాదాపు రెండు గంటలు. నీళ్లకూ ఊపిరికీ మరో పావుగంట. అంటే ఎనిమిదికి కదిలితే 10.15కు చేరతారు. ఇద్దరు వ్యాయామ ఉపాధ్యాయులు వెళ్లి గంటంపావులో ఎక్కేసి, ఆ సమయాన్నే పిల్లలకూ రాసిపెట్టడం చాలా చోట్ల జరిగే పొరపాటు.

వెనక్కి తిరిగే వేళను సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కించడం సరిపోదు. గుడి దగ్గర ఒక పిల్లకు చీలమండ బెణికి అడుగు వేయలేకపోతే ఏమవుతుందో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. రాళ్ల దారిలో మనిషిని మోసుకుంటూ దిగితే గంటకు కిలోమీటరు నడవడమే గొప్ప. నాలుగు కిలోమీటర్లకు నాలుగు గంటలు. దెబ్బ చూసుకోవడానికి, కట్టు కట్టడానికి, మోసేవాళ్లను కూడగట్టడానికి ఇంకో గంట. ఈ ఐదు గంటలూ గడిచినా వెలుగు మిగలాలి. నవంబరులో సాయంత్రం ఐదున్నర దాటితే సూర్యుడు ఉండడు, లోయలో చీకటి ఇంకా ముందే కమ్ముకుంటుంది. అందుకే తిరుగు వేళ 11.30. గుడి కనబడుతున్నా సరే. ఉప్మా ఆలస్యమై తొమ్మిదిన్నరకు కదిలిన బృందం 11.45కు గానీ చేరదు కాబట్టి, ఆ రోజు వాళ్లకు గుడి లేనట్టే.

మోయడానికి కనీసం ఆరుగురు పెద్దలు మార్చుకుంటూ ఉండాలి. ఇక్కడే పిల్లలకూ పెద్దలకూ మధ్య నిష్పత్తి ప్రశ్న వస్తుంది. 40 మందికి నలుగురు టీచర్లంటే పదిమందికి ఒకరు, కాగితం మీద చక్కగానే ఉంటుంది. ఒక పిల్లవాడిని కిందికి దింపడానికి ఇద్దరు వెళ్తే మిగతా 39 మందికి ఇద్దరే మిగులుతారు. నిష్పత్తిని ప్రమాదం జరిగాక మిగిలేవాళ్లతో లెక్కపెట్టాలని మా అభిప్రాయం. ఎనిమిదేసి మంది చొప్పున ఐదు జట్లు, జట్టుకొక టీచరు, వరుస ముందొకరు, చివరన ఒకరు, వాహనంతో కింద ఒకరు. మొత్తం ఎనిమిది మంది. ఆడపిల్లలుంటే వీరిలో తగినంత మంది మహిళలు ఉండాలి. ఇంతమంది ఉన్నా మోయడానికి చాలరు. అహోబిలంలో వృద్ధ భక్తులను డోలీల్లో మోసేవాళ్లున్నారు. వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. చివరి టీచరును దాటి ఎవరూ వెనక ఉండకూడదు. ఆయన ఎంత చురుకైనవాడైనా ముందుకు పరుగెత్తకూడదు.

దారి తనిఖీ క్యాంపుకు వారం ముందు, పిల్లలు నడిచే వేళలోనే జరగాలి. వేసవిలో చూసిన దారి వాన తర్వాత అదే దారి కాదు. వాగు దాటే ప్రతిచోటా ఒక రాయికి గుర్తు పెట్టి నీటి మట్టం రాసుకోవాలి. క్యాంపు రోజు నీళ్లు ఆ గుర్తు కంటే పైకి ఉన్నా, మట్టి రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా దాటడం మానేయాలి. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన వాన పడి ఉండవచ్చు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది చనిపోయింది ఎగువన లార్జీ డ్యాం నుంచి వదిలిన నీటి వల్ల. అక్కడ వానతో పని లేకుండానే నీళ్లు వచ్చాయి. తనిఖీలో కొండ అంచుల కింద పెద్ద తేనెపట్లు ఉన్నాయేమో తలెత్తి చూడాలి. వాటి దగ్గర అరుపులు, పొగ, సెంటు ఏవీ పనికిరావు. శని ఆదివారాల్లో భక్తుల రద్దీ ఉంటుంది గనుక నడకను వారం మధ్యలో పెట్టుకోవడం మేలు. అటవీ శాఖ అనుమతి సంగతి చెప్పనే అక్కర్లేదు.

నడకకు ఆరు వారాల సాధన కావాలి. వారానికి మూడు రోజులు, 20 నిమిషాలతో మొదలుపెట్టి గంట దాకా పెంచాలి. మైదానం చుట్టూ పరుగులు ఇందుకు సరిపోవు, బడి మెట్లు కావాలి. పిల్లల తొడలు పట్టేసేది ఎక్కినప్పటికంటే దిగినప్పుడే, కాబట్టి మెట్లు దిగడాన్నే ఎక్కువ చేయించాలి. వేగం సరిగా ఉందో లేదో మాటను బట్టి తెలుస్తుంది. నడుస్తూ ఒక పూర్తి వాక్యం చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే. సంచి బరువు ఒంటి బరువులో పదో వంతు మించకూడదు. 40 కిలోల పిల్లకు అంటే 4 కిలోలు, అందులో రెండున్నర లీటర్ల నీళ్లే రెండున్నర కిలోలు. చివరి వారంలో అదే సంచితో, అవే బూట్లతో 8 కిలోమీటర్ల నడక పెట్టాలి. బయలుదేరే ముందురోజు కొన్న కొత్త బూట్లతో వచ్చేవాళ్లకు మొదటి గంటలోనే మడమ మండుతుంది. మంట మొదలైనప్పుడే టేపు వేస్తే బొబ్బ రాదు, కానీ పిల్లలు సిగ్గుతో చెప్పరు. టీచరే అడగాలి. ఆస్తమా ఉన్నవాళ్ల ఇన్‌హేలర్ బస్సులోని పెట్టెలో కాదు, వాళ్ల జేబులోనే ఉండాలి. సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న పిల్లలు ఎవరో ముందే తెలియాలి. నీళ్లు తక్కువైతే వాళ్లకు నొప్పి తిరగబెడుతుంది.

ఇక ఫోన్ నంబర్లు. అవి ఫోన్‌లో ఉంటే చాలవు, ప్రతి టీచరు దగ్గరా కాగితం మీద ఉండాలి. వారం ముందు ఒక్కొక్కటీ డయల్ చేసి చూడాలి. ఎత్తని నంబరును కొట్టేయాలి. 112, 108 అందరికీ తెలిసినవే. 112కు ఏ కంపెనీ సిగ్నల్ ఉన్నా కాల్ వెళ్తుంది, ఏదీ లేకపోతే వెళ్లదు. అందుకే దారిలో సిగ్నల్ దొరికే చోట్లు తనిఖీ రోజునే గుర్తించాలి. అంబులెన్స్ వాగు దాకా రాదు, రోడ్డు ఆగేది ఎగువ అహోబిలంలో, అక్కడికే రమ్మనాలి. పాము కాటు మందు ఏ ఆసుపత్రిలో ఈ వారం నిల్వ ఉందో అడిగి, ఆ పేరు రాసుకోవాలి.

కింద వాహనం దగ్గరున్న టీచరుకు రెండు సమయాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. మధ్యాహ్నం రెండు గంటలకు బృందం నుంచి కబురు లేకపోతే డోలీవాళ్లలో ఇద్దరిని దారి వెంట పైకి పంపాలి. మూడున్నరకూ లేకపోతే ఎవరి అనుమతీ అడగకుండా 112కూ అటవీ శాఖకూ ఫోన్ చేయాలి. తల్లిదండ్రులకు ఆయన చేయకూడదు. ఆ పని బడిలో ఉన్న ఒక్కరిదే, ఆయన పేరూ నంబరూ మాత్రమే తల్లిదండ్రులకు పంపే కాగితంలో ఉండాలి.