ఇందుమూలముగా తెలియజేయడమేమనగా

మా కార్యాలయంలో సర్క్యులర్లు రాసే బాధ్యత నాకు దక్కడానికి కారణం ఒక్కటే. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివానని ఎప్పుడో నోరు జారాను. అప్పటినుంచి మేనేజరు గారు ఫోనులో మాట్లాడి పంపిన సందేశాలను కంపెనీ భాషలోకి మార్చడం నా వంతు. తెలియనివారు దీన్ని గుమాస్తా పని అనుకుంటారు. మాటలోంచి మనిషిని తీసేసి, కుట్లు కనబడకుండా మూయడం ఎంత కష్టమో వారికేం తెలుసు?

ఈ విద్య నాతోనే అంతరించిపోకూడదన్న సదుద్దేశంతో ఒక ఉదాహరణను పాఠకుల ముందు ఉంచుతున్నాను. మొన్నొక గురువారం రాత్రి మేనేజరు గారి నుంచి వచ్చిన సందేశం ఇది:

"అందరికీ నమస్కారం. ఈ శనివారం మనం కాస్త వచ్చి గోడౌను సర్దేద్దాం. పదింటికల్లా వచ్చేయండి. భోజనం సంగతి నేను చూసుకుంటాను. ఎవరికైనా ఇబ్బంది ఉంటే నాకు ఒక మాట చెప్పండి."

అనుభవం లేని రోజుల్లో అయితే దీన్ని ఇలా రాసేవాడిని: "14వ తేదీ, శనివారం ఉదయం 10 గంటలలోపు ఉద్యోగులందరూ గోడౌను సర్దడానికి రావాలి. మేనేజరు కూడా పాల్గొంటారు. మధ్యాహ్న భోజనాన్ని మేనేజరు కార్యాలయం ఏర్పాటు చేస్తుంది. రాలేనివారు శుక్రవారం సాయంత్రంలోగా ఆ కార్యాలయానికి తెలపాలి." 'ఈ శనివారం' అన్నది నోటీసు బోర్డు మీద వారం రోజులు వేలాడితే ఏ శనివారమో తెలియదు కాబట్టి తేదీ వేశాను. 'పదింటికల్లా' అంటే పదికి ముందే అని కాబట్టి 'లోపు' అన్నాను. 'నేను' అన్న చోట పదవి పేరు పెట్టాను, ఎందుకంటే సర్క్యులర్‌లో 'నేను' అంటే ఎవరో చదివేవారికి తెలియదు. ఇలాంటి చిత్తుప్రతిని ఒకసారి పై అధికారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి పెదవి విరిచారు. "ఇది చదవగానే అర్థమైపోతోందయ్యా, సర్క్యులర్‌లా లేదు" అన్నారు. ఆ రోజే నాకు జ్ఞానోదయమైంది.

మొట్టమొదట తీసేయవలసిన మాట 'మనం'. తెలుగులో ఇదొక ప్రమాదకరమైన మాట. ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఒకే మాటతో సరిపెట్టుకునే చోట మనకు రెండున్నాయి. 'మేము' అంటే వినేవాడు బయట ఉంటాడు, 'మనం' అంటే వినేవాడూ లోపలే ఉంటాడు. మేనేజరు గారు 'మనం సర్దేద్దాం' అన్నారంటే ఆయన కూడా అట్టపెట్టె మోస్తానన్నట్టే లెక్క. సర్క్యులర్ అనే పవిత్ర పత్రంలో అలాంటి వాగ్దానం ఉండకూడదు. అందుకని 'మనం' పోయి 'యావన్మంది ఉద్యోగులు' వచ్చారు. 'సర్దేద్దాం' లోని 'దాం' కూడా అదే జాతిది, కలుపుకుపోయే క్రియ. దాని స్థానంలో 'వలెను' వేస్తే మోసేవారు మోస్తారు, రాసేవారు రాస్తారు. 'కాస్త' అన్న మాటకు కంపెనీ భాషలో సమానార్థకం లేదు. బతిమాలడం అనే భావమే అక్కడ లేదు కదా.

తరువాతిది అసలు కళ. 'భోజనం సంగతి నేను చూసుకుంటాను' అన్న వాక్యానికి ఒక కర్త ఉన్నాడు, అన్నం రాకపోతే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇతణ్ణి తొలగించడానికి మన దగ్గర 'బడు' అనే దివ్యౌషధం ఉంది: 'భోజన వసతి కల్పించబడును.' ఎవరు కల్పిస్తారు? కల్పించబడును, అంతే.

నిజానికి చేసేవాడి పేరు చెప్పడం ఇష్టం లేనప్పుడు తెలుగువాళ్లు 'బడు' జోలికి పోరు. బహువచన క్రియ ఒక్కటి చాలు. 'ఆ వీధిలో ఇల్లు అద్దెకు ఇస్తారట', 'రేపు కరెంటు తీసేస్తారట' అంటాం, ఎవరని ఎవరూ అడగరు. అయితే అందులో ఎక్కడో ఒక మనిషి మెదులుతూనే ఉంటాడు. 'బడు' లో ఆ అలికిడి కూడా ఉండదు. పైగా ఇది మనం బాధపడటంలోనూ భయపడటంలోనూ ఇరుకున పడటంలోనూ వాడే 'పడు' కు దగ్గరి చుట్టం. అందుచేత 'భోజనం ఏర్పాటు చేయబడును' అని రాసినప్పుడల్లా ఆ అన్నం మీద నాకు కొంచెం జాలి కలుగుతుంది.

(ప్రసంగవశాత్తు ఒక మాట. వాడుక భాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ వేడుకకు మా కంపెనీ ఇచ్చే సర్క్యులర్ కూడా నేనే రాస్తాను: 'తెలుగు భాషా దినోత్సవము ఘనముగా నిర్వహించబడును, కావున ఎల్లరు హాజరు కావలెను.')

చివరి వాక్యం దగ్గర కొత్తవారు తడబడతారు. 'ఇబ్బంది ఉంటే నాకు ఒక మాట చెప్పండి' అన్నదాన్ని ఎలా మార్చాలి? మార్చనక్కరలేదు. పాత సర్క్యులర్ల కట్టలో ఏది తీసినా ఆఖరి పేరా ఒకటే ఉంటుంది: 'సదరు ఆదేశములను ఉల్లంఘించిన యెడల తగు చర్యలు తీసుకొనబడును.' దాన్ని తెచ్చి అతికించడమే. తలుపు తీసి పెట్టిన వాక్యం తాళం వేసిన వాక్యమైంది. మేనేజరు గారికి ఎవరి మీదా కోపం లేదు, నాకూ లేదు. కోపం ఆ పేరాలో ముందునుంచే ఉంది.

శుక్రవారం ఉదయం సర్క్యులర్ బోర్డెక్కింది. పదకొండు గంటలకు స్టోర్సు సూపర్‌వైజర్ దాని ముందు నిలబడి తన వాళ్లకు వివరిస్తున్నాడు: "ఏమీ లేదర్రా, రేపు పదింటికల్లా వచ్చేయమంటున్నారు." గురువారం రాత్రి మేనేజరు గారు అన్నది కూడా అదే. నా శ్రమ అంతా ఆ రెండు వాక్యాల మధ్య ఉంది.

సాయంత్రం మేనేజరు గారు ఫోను చేశారు. "చాలా గంభీరంగా వచ్చిందండీ. ఒక్క సందేహం. ఇంతకీ నేను రావాలా?" మరోసారి చదివి చూశాను. ఆయన ఎక్కడా లేరు. "తమరు రావలెనని అందులో పేర్కొనబడలేదండీ" అని నిజాయితీగా చెప్పాను.

శనివారం ఆయన రాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయినా భోజనమూ రాలేదు. క్యాంటీన్ వారు హెచ్ఆర్ విభాగం చూసుకుంటుందనుకున్నారు, హెచ్ఆర్ వారు స్టోర్సు చూసుకుంటుందనుకున్నారు. అందరూ సర్క్యులర్‌ను శ్రద్ధగానే చదివారు, ఎవరికీ అందులో తమ పేరు కనిపించలేదు.

సోమవారం పొద్దున్నే మేనేజరు గారి గొంతు మళ్లీ నా ఫోనులోకి వచ్చింది: "అయ్యో, భోజనం సంగతి పూర్తిగా మరిచిపోయానండీ, అందరూ ఏమీ అనుకోకండి. దీన్ని కాస్త సర్క్యులర్‌గా రాసి పెట్టండి."

రాస్తున్నాను. 'భోజన వసతి కల్పించబడలేదని గమనించబడినది' వరకు వచ్చింది. 'అయ్యో' దగ్గర ఆగిపోయాను.