‘కాదు’ పెట్టు, మార్కు పట్టు

సున్నాను కనిపెట్టినవాళ్ళం మనమేనని గర్వపడుతుంటాం. అంతకన్నా గొప్పది మొన్న మా విజయనగరంలో, మా ఇంటి అరుగు మీద, ఎనిమిదో తరగతి చదివే మా మనవడి చేతుల్లో చూశాను. దాని పేరు ‘కాదు’. వాక్యం చివర తగిలిస్తే చాలు, ఎంతటి అబద్ధమైనా నిజమైపోతుంది.

సాంఘికశాస్త్రం వర్క్‌షీట్‌లో పది వాక్యాలు. ‘ఒప్పో తప్పో గుర్తించండి, తప్పయితే సరిచేసి రాయండి’ అని పైన హుకుం. ఆ రెండో ముక్క ఊరికే పెట్టింది కాదు. ఒప్పు, తప్పు మాత్రమే అడిగితే పుస్తకం తెరవనివాడు కూడా రూపాయి బిళ్ళ ఎగరేసుకుని పదికి ఐదు దాకా తెచ్చుకుంటాడు. సరిచేయమంటే బిళ్ళకు చేతకాదు. తప్పు ఏ మాటలో దాక్కుందో పట్టుకుని, అక్కడ అసలు మాట కూర్చోబెట్టాలి.

మొదటి వాక్యం: ‘శ్రీకాకుళం పట్టణం వంశధార ఒడ్డున ఉంది.’ మావాడు తప్పు అని గుర్తుపెట్టి, ‘శ్రీకాకుళం పట్టణం వంశధార ఒడ్డున లేదు’ అని రాశాడు. మార్కు పడింది! పడక? అబద్ధం ఒక్కటీ లేదు. ఆ లెక్కన శ్రీకాకుళం గంగ ఒడ్డున లేదు, నైలు ఒడ్డున లేదు, మా పెరటి నుయ్యి ఒడ్డునా లేదు. ఇవన్నీ రాసినవాడికి కూడా నాగావళి పేరు తెలియనక్కర్లేదు.

‘‘ఏట్రా గుంటడా, ఊరెక్కడ లేదో సెప్పినావు. మరెక్కడుందో సెప్పవేటి?’’ అంది వాళ్ళ నాయనమ్మ. ఆవిడ ఐదో తరగతితో ఆపేసింది కాబట్టి ఇలాంటి అనవసరపు ప్రశ్నలు వేస్తుంటుంది.

ప్రశ్న రాసిన మహానుభావుడిదీ ఓ చెయ్యి ఉంది. ఏ మాట మార్చాలో చెప్పలేదు. ‘కళింగపట్నం వంశధార ఒడ్డున ఉంది’ అని ఎవడైనా ఊరి పేరు మార్చాడనుకోండి, నది సముద్రంలో కలిసేది అక్కడే కాబట్టి అదీ ఒప్పే. కానీ జవాబుల పట్టీలో నాగావళే ఉంటుంది, పిల్లాడికి సున్నా. ‘వంశధార’ కింద చిన్న గీత గీసి ‘గీత ఉన్న మాటే మార్చండి’ అంటే ఈ గొడవ ఉండదు. సిరా ఖర్చని మానేసి ఉంటారు.

నాలుగో వాక్యం దగ్గర నాకు చెమటలు పట్టాయి. ‘1757లో బొబ్బిలి యుద్ధం బొబ్బిలి వారికీ ఆంగ్లేయులకూ మధ్య జరిగింది.’ ఏడాది నిజం, ఊరు నిజం, ఒక పక్షం నిజం. తప్పంతా ‘ఆంగ్లేయులకూ’ అన్న ఒక్క మాటలో ఉంది. ఆ చోట ‘బుస్సీ ఫ్రెంచి సేనను వెంటబెట్టుకొచ్చిన విజయనగరం వారికీ’ అని వేస్తే సరిపోను. మావాడి జవాబు: ‘1757లో బొబ్బిలి యుద్ధం బొబ్బిలి వారికీ ఆంగ్లేయులకూ మధ్య జరగలేదు.’ ఇదీ అబద్ధం కాదు. కానీ చదివినవాడికి తప్పు ఏడాదిలో ఉందా, శత్రువులో ఉందా, అసలు యుద్ధమే జరగలేదా అన్నది తేలదు. తాండ్ర పాపారాయుడి పౌరుషాన్ని ఒక్క ‘లేదు’తో రద్దుచేసి, మావాడు ఇంకో మార్కు జేబులో వేసుకున్నాడు. విజయనగరం వాళ్ళం కాబట్టి మాకూ కాస్త పరువు దక్కిందనుకోండి.

‘ఆంధ్రప్రదేశ్‌లో పారే నదులన్నీ పడమటి కనుమల్లో పుట్టాయి’ అన్నదానికి ‘నదులన్నీ పుట్టలేదు’ అని సరిచేశాడు. కొన్నే పుట్టాయనా, ఒక్కటీ పుట్టలేదనా? తెలుగులో ఆ వాక్యానికి రెండర్థాలూ వస్తాయి. గోదావరి, కృష్ణ అక్కడివే. నాగావళి, వంశధార ఒడిశా కొండల నుంచి దిగినవి. ‘అన్నీ’ని తీసేసి ‘కొన్ని’ పెడితే అయిపోయేదానికి మావాడు నదుల పుట్టుకనే అనుమానంలో పడేశాడు.

ఇంతకీ పదిలో పోయిన మార్కు ఒక్కటే. ‘రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉంది’ అన్న వాక్యానికి తప్పని పెట్టి, ‘రాజాం విజయనగరం జిల్లాలో ఉంది’ అని రాశాడు. వాళ్ళ మేనత్తది రాజామే, అందుకని ‘కాదు’ అవసరం పడలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం ఇటు వచ్చేసింది. కానీ జవాబుల పట్టీ అంతకుముందుది. ఆ తేదీకి ముందు ఒప్పు, తర్వాత తప్పు అయ్యే వాక్యానికి పక్కన ఏడాది వేయకపోతే ఇంతే సంగతి. మొత్తం కాగితంలో పిల్లాడు నిజంగా సరిచేసిన వాక్యం అదొక్కటే. దాని మీదే ఎర్ర సిరాతో ఇంటూ.

కింద ‘తల్లిదండ్రుల అభిప్రాయం’ అని ఓ గడి ఉంది. ‘ఈ వర్క్‌షీట్‌లో తప్పులు లేవు’ అని రాసి, పక్కన ‘ఒప్పు / తప్పు, తప్పయితే సరిచేసి రాయండి’ అని చేర్చి, ‘లేవు’ కింద గీత గీసి మరీ సంతకం పెట్టి పంపాను.