ఎరేజర్ పక్కన పెట్టి ముందు క్యాప్స్ లాక్ నొక్కండి

"స్లీప్ నుంచి లేపాక మానిటర్ నల్లగానే ఉందా? షాపువాళ్ళకి డబ్బులు తగలెయ్యకండి!! 1) పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, ఏమీ కాదు. 2) అయినా రాకపోతే ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్దండి. 3) కేబుల్ మార్చకండి, డిజిటల్ కేబుల్ అయితే పూర్తిగా పనిచేస్తుంది, లేదంటే అసలు పనిచేయదు. 4) ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. 5) ఏదైనా డ్రైవర్ అప్‌డేటర్ యాప్ వేసుకోండి. 6) స్లీప్ వాడితే మానిటర్ లైఫ్ తగ్గుతుంది. పది మందికీ పంపండి 🙏"

పంపారు. ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా మేనమామ కూడా "దాచుకోరా, పనికొస్తుంది" అంటూ పంపాడు. పెద్దాయనకి ఎదురు చెప్పలేక చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. మిగతావాళ్ళకి మాత్రం ఇదిగో జవాబు.

ఇన్ని చిట్కాల్లో ఒక్కటి కూడా మొదట తేల్చుకోవాల్సిన సంగతి జోలికి పోలేదు. నిద్ర లేవనిది కంప్యూటరా, గ్రాఫిక్స్ కార్డా, మానిటరా? మూడింటికీ తెర నల్లగానే ఉంటుంది, మందు మాత్రం వేరు. తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దీపం వెలిగి, మళ్ళీ నొక్కితే ఆరిందంటే కంప్యూటర్ లేచి కూర్చుంది, మీకు కనపడటం లేదంతే. కీబోర్డుకి దీపం లేకపోతే వాల్యూమ్ కీ నొక్కి స్పీకర్లలో టిక్ మని వస్తుందేమో వినండి. మీ స్పీకర్లు మానిటర్ లోపలివే అయితే ఈ పరీక్ష చెల్లదు. బొమ్మ వెళ్ళే తీగలోనే శబ్దమూ వెళ్తుంది కాబట్టి రెండూ కలిసే పోతాయి.

ఇక పవర్ బటన్ సంగతి. "ఏమీ కాదు" అన్న మహానుభావుడు తన జీవితంలో సేవ్ చేయని ఫైలు ఒక్కటి కూడా తెరిచి ఉండడు. మామూలు స్లీప్‌లో మీరు తెరిచి ఉంచిన పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకున్నారంటే దాన్ని చేతులారా చెరిపేసినట్టే. పైగా మళ్ళీ ఆన్ చేశాక, విండోస్ తన లోపాలన్నీ రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో Kernel-Power 41 అని ఎర్రగుర్తు పడుతుంది. కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని దాని అర్థం. బటన్ నొక్కి ఆపింది మీరే, కానీ అది చూసి "పవర్ సప్లై పోయింది" అంటూ కొత్త ఎస్ఎంపీఎస్ కొన్నవాళ్ళు నాకు తెలుసు. క్యాప్స్ లాక్ దీపం పలుకుతున్నంతసేపూ ఆ బటన్ జోలికి పోకండి. దీపం పలకక, కొన్ని నిమిషాలు ఆగినా చలనం లేకపోతే అప్పుడు నొక్కండి, వేరే దారి లేదు.

ఎరేజర్ చిట్కా విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు, భయమేస్తుంది. స్లీప్‌లో ఉన్న డెస్క్‌టాప్‌లో ఫ్యాన్లు ఆగిపోతాయి, లైట్లు ఆరిపోతాయి, చూడటానికి ఆపేసినట్టే ఉంటుంది. కానీ ర్యామ్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది, లేకపోతే అందులోది నిలవదు. ఈ మెసేజ్ చదివినవాడు ఏం చేస్తాడు? ప్లగ్ పీకకుండా మూత తీసి, కరెంటు ఉన్న స్లాట్ నుంచి ర్యామ్ లాగుతాడు. పని ఎలాగూ పోతుంది, అదృష్టం బాగాలేకపోతే ర్యామో బోర్డో కూడా దానితోపాటే పోతుంది. అసలు తర్కం చూడండి: పొద్దున ఆన్ చేస్తే బూట్ అయి, భోజనాల వేళ దాకా చక్కగా నడిచిన కంప్యూటర్ ర్యామ్‌కి ఆ గంటలోనే మట్టి పట్టిందా? ర్యామ్ కాంటాక్ట్ దెబ్బతింటే మొదటి లక్షణం అసలు బూట్ కాకపోవడం, బీప్ బీప్ మని అరవడం. అలాంటప్పుడు ఎరేజర్ నిజంగానే పనిచేస్తుంది. సముద్రపు గాలి తగిలే వైజాగ్, కాకినాడ ఇళ్ళలో పాత మెషీన్లని షాపులవాళ్ళు ముందు అలాగే లేపుతారు. కానీ వాళ్ళు ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు వదిలించాకే ర్యామ్ ముట్టుకుంటారు. ఫార్వర్డ్‌లో ఆ ముక్కే లేదు.

మూడో పాయింటు రాసినవారికి తీరిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే చాలామందిని ఏడిపించే జబ్బు సరిగ్గా అక్కడే ఉంది.

కేబుల్‌లో బొమ్మ ఒక్కటే వెళ్ళదు. "నేనున్నాను" అని మానిటర్ కంప్యూటర్‌కి చెప్పడానికి ఒక ప్రత్యేకమైన తీగ ఉంటుంది, దాన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. ఆ తర్వాత కార్డు మానిటర్‌ని దాని వివరాలు అడుగుతుంది: ఏ రిజల్యూషన్, ఎంత రిఫ్రెష్ రేటు అని. హెచ్‌డీఎంఐ లాగే మానిటర్‌ని కలిపే ఇంకో రకం కనెక్షన్ డిస్‌ప్లేపోర్ట్, అందులో అయితే ఇంకో తంతు ఉంది, లింక్ ట్రైనింగ్. కార్డు పరీక్ష సంకేతాలు పంపుతుంది, మానిటర్ సరిగ్గా అందాయో లేదో చెబుతుంది, అందకపోతే బలం పెంచడమో వేగం తగ్గించడమో చేసి మళ్ళీ పంపుతుంది. స్లీప్ నుంచి లేచిన ప్రతిసారీ ఈ పెళ్ళిచూపులు మళ్ళీ మొదటి నుంచి జరగాలి. అందుకే పొద్దుటి నుంచి బ్రహ్మాండంగా నడిచిన కేబుల్ సరిగ్గా లేచే క్షణంలో తడబడుతుంది. కేబుల్ "అసలు పనిచేయకపోవడం" కాదిది, ఆ ఒక్క క్షణంలో రెండువైపులా మాట కుదరకపోవడం.

మా బావమరిది ఇంట్లో జరిగిందే చెబుతాను. 27 అంగుళాల మానిటర్, 2560×1440, 144 హెర్ట్జ్, డిస్‌ప్లేపోర్ట్. భోజనం చేసి వచ్చి మౌస్ కదిపితే ఫ్యాన్లు తిరుగుతాయి, క్యాప్స్ లాక్ పలుకుతుంది, తెర మీద మాత్రం సిగ్నల్ లేదని ఒక క్షణం చూపించి మళ్ళీ చీకటి. Win+Ctrl+Shift+B నొక్కించాను. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని రీసెట్ చేసే షార్ట్‌కట్, తెరిచి ఉన్న పని ఎక్కడికీ పోదు. బీప్ వచ్చింది, బొమ్మ రాలేదు. అంటే విండోస్ మేలుకునే ఉంది, డ్రైవర్‌ని కదిపినా ప్రయోజనం లేదు. తర్వాత మానిటర్ బటన్‌తో ఆపి మళ్ళీ వేయిస్తే బొమ్మ వచ్చేసింది. దాంతో అనుమానం కంప్యూటర్ మీద నుంచి మానిటర్, కేబుళ్ళ మీదికి మళ్ళింది.

మానిటర్ మెనూలో చూస్తే రెండు దొరికాయి. ఒకటి డీప్ స్లీప్, ఆన్‌లో ఉంది. అందులోకి వెళ్ళాక చాలా మానిటర్లు డిస్‌ప్లేపోర్ట్ మీద "నేనున్నాను" సంకేతాన్ని కూడా ఆపేస్తాయి, కంప్యూటర్‌కి కేబుల్ పీకేసినట్టే కనిపిస్తుంది. రెండు మానిటర్లు వాడేవాళ్ళకి లేవగానే విండోలన్నీ ఒకే తెర మీదికి గుంపుగా చేరడం కూడా దీనివల్లే. రెండోది ఆటో ఇన్‌పుట్: కార్డు పలకరించే సమయానికి మానిటర్ హెచ్‌డీఎంఐ వైపు వెతుక్కుంటూ కూర్చుంటుంది. డీప్ స్లీప్ ఆపి, ఇన్‌పుట్‌ని డిస్‌ప్లేపోర్ట్‌కే కట్టేశాం. చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు రిఫ్రెష్ రేటు 60కి దించి చూశాం, ఆ జబ్బు ఇక రాలేదు. లెక్క తేలికే. 144 దగ్గర పిక్సెళ్ళ డేటానే సెకనుకి దాదాపు 12.7 గిగాబిట్లు, 60 దగ్గర 5.3. తక్కువ బరువు మోయగలిగి ఎక్కువకి తడబడుతోందంటే కేబుల్ అంచు మీద ఉందన్నమాట. ఐదు మీటర్ల పేరులేని కేబుల్ తీసేసి, రెండు మీటర్ల లోపు సర్టిఫైడ్ కేబుల్ పెట్టి 144కి తిరిగి వెళ్ళాం. అప్పటి నుంచి ఫోన్ రాలేదు, అంటే బాగానే ఉన్నట్టు.

నాసిరకం డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్ళలో ఇంకో దోషం ఉంటుంది. 20వ పిన్‌లో 3.3 వోల్టులు ఉంటాయి, మామూలు కేబుల్‌లో ఆ తీగ రెండు చివరలనీ కలపకూడదు. కొందరు కలిపేస్తారు. అప్పుడు మానిటర్ నుంచి కార్డులోకి కరెంటు ఎదురెక్కి, స్లీప్, బూట్ రెండూ అర్థంపర్థం లేకుండా ప్రవర్తిస్తాయి. కాబట్టి "కేబుల్ మార్చకండి" అన్నవారికి నా నమస్కారం. వారే ఒక కేబుల్ కొని పంపితే ఇంకా సంతోషిస్తాను.

నాలుగోదానికి మాత్రం ఒప్పుకుంటాను. ఫాస్ట్ స్టార్టప్‌కీ స్లీప్‌కీ నేరుగా సంబంధం లేదు, అది షట్‌డౌన్‌కి సంబంధించినది. అయినా చిట్కా మంచిదే. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ కెర్నల్, డ్రైవర్ల స్థితి డిస్క్‌లో దాచుకుని మళ్ళీ అదే తెచ్చుకుంటుంది. "ఆపి వేశాను, అయినా పోలేదు" అనేవాళ్ళ కంప్యూటర్ నిజానికి కొత్తగా మొదలవ్వనే లేదు. ఆఫ్ చేయకపోయినా, పరీక్షించేటప్పుడు షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ చేస్తే చాలు. ఫార్వర్డ్ రాసినవారికి ఇది తెలిసి రాశారని మాత్రం నేననుకోను.

పవర్ సేవింగ్‌లో అసలు చూడాల్సింది వేరే ఉంది: గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకుని విండోస్ నిద్రపుచ్చే Link State Power Management. Win+Ctrl+Shift+B తో బొమ్మ తిరిగి వస్తుంటే, అంటే అనుమానం కార్డు, డ్రైవర్ల వైపు ఉంటే, ఇది ఆపి చూడాలి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో:

```
powercfg /setacvalueindex SCHEME_CURRENT SUB_PCIEXPRESS ASPM 0
powercfg /setactive SCHEME_CURRENT
```

డెస్క్‌టాప్‌లో దీనివల్ల కరెంటు ఖర్చు పెద్దగా పెరగదు. పై కమాండ్ ప్లగ్‌లో ఉన్నప్పటికే వర్తిస్తుంది, కాబట్టి ల్యాప్‌టాప్ బ్యాటరీకీ భయం లేదు.

ఆరోదానికి ఒక్క వాక్యం: వెలగని బ్యాక్‌లైట్ అరగదు.

ఇక ఆ అప్‌డేటర్ యాప్. మీ కార్డు ఏదో ఊహించి, ఎక్కడిదో డ్రైవర్ తెచ్చి, మధ్యలో నాలుగు ప్రకటనలు చూపించేదాన్ని స్క్రీన్ కనపడటం లేదని వేసుకోవాలట. డ్రైవర్ కార్డు తయారీదారు సైటు నుంచి తీసుకోవాలి, ల్యాప్‌టాప్ అయితే ముందు ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చింది చూడాలి. కొత్తదే మంచిదని కూడా లేదు. డ్రైవరే తప్పు చేస్తుంటే ఈవెంట్ వ్యూయర్ సిస్టమ్ లాగ్‌లో, లేపిన సమయానికే, Display 4101 కనపడవచ్చు: డ్రైవర్ పలకడం ఆగి మళ్ళీ కోలుకుందని అర్థం. ఆ గోల ఈమధ్య వచ్చిన అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి Roll Back Driver నొక్కండి. ఆ బటన్ వెలిసిపోయి నొక్కనివ్వకపోతే వెనక్కి వెళ్ళడానికి పాత డ్రైవర్ మీ మెషీన్‌లో లేదు, తయారీదారు సైటులోనే ముందటి వెర్షన్ దించుకుని క్లీన్ ఇన్‌స్టాల్ ఎంచుకోవాలి.