సైరన్ వినబడితే బండి ఎటు జరపాలి?

బేగంబజార్‌లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో మంచి రద్దీ వేళ వెనక నుంచి 108 సైరన్ మోగిందనుకోండి. మనలో చాలామంది చేసేది ఒకటే, ఉన్నచోటే బ్రేక్ వేసి అద్దంలోకి చూడటం. దారి ఇవ్వకూడదని కాదు, టెన్షన్‌లో ఎటు జరగాలో తోచక. చట్టం మాత్రం ఆగమని చెప్పలేదు, పక్కకు జరిగి దారి ఇవ్వమంది.

మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన సెక్షన్ 194ఇ ప్రకారం ఫైరింజన్, అంబులెన్స్, రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఇతర అత్యవసర వాహనాలు వస్తున్నప్పుడు రోడ్డు పక్కకు తప్పుకోని డ్రైవరుకు ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, ఒక్కోసారి రెండూ పడతాయి. బైకుకైనా ఆర్టీసీ బస్సుకైనా ఇదే లెక్క. ఇలాంటి అత్యవసర వాహనాలు ఒకటికి మించి ఒకేసారి వస్తే 2017 నాటి డ్రైవింగ్ రెగ్యులేషన్ల ప్రకారం ముందు ఫైరింజన్, తర్వాత అంబులెన్స్, ఆ తర్వాతే పోలీసు వాహనం.

సరే, పక్కకు జరగాలి. పక్క అనేదే లేని సందులో ఏం చేయాలి? ఒక్క కారు మాత్రమే పట్టే దారిలో అంబులెన్స్ మీ వెనకే ఉంటే ఆగిపోవడమంత తప్పు ఇంకోటి లేదు, ఎందుకంటే మీరు ఆగితే అదీ ఆగుతుంది. లైట్లు వేసుకుని, ఇండికేటర్ ఇచ్చి, కాస్త వెడల్పు దొరికే చోటు దాకా, అది గేటు ముందరి ఖాళీ కావచ్చు, మలుపు కావచ్చు, ముందుకు పోనిచ్చి అక్కడ ఎడమకు ఒదగాలి. ఎదురుగా వచ్చేవాళ్లు సందులోకి దూరకుండా మొదట్లోనే ఆగాలి, లోపల ఇరుక్కున్నాక వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు. ఇంకో అలవాటు కూడా చేసుకోవాలి. జామ్‌లో ముందు బండి వెనక టైర్లు కనపడేంత ఖాళీ వదిలి ఆగితేనే ఎడమకు తిప్పుకునే చోటు ఉంటుంది. బంపరుకు బంపరు ఆనించి నిలబడ్డవాడు సైరన్ విన్నా కదలలేడు.

రెడ్ సిగ్నల్ దగ్గర అసలు తికమక. ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్న అంబులెన్స్, ఫైరింజన్ జాగ్రత్తగా రెడ్ దాటొచ్చు, వన్‌వేలో ఎదురు రావొచ్చు, స్పీడ్ లిమిట్ మించొచ్చు. ఆ వెసులుబాటు వాటికే, ముందున్న మనకు లేదు. ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఊపి పొమ్మంటే వెళ్లాలి. పోలీసు లేకపోతే స్టాప్‌లైన్ లోపలే ఎడమకు నొక్కుకుని మధ్యలో దారి తెరవాలి, ఫ్రీ లెఫ్ట్ ఉంటే అటు తిరిగిపోవాలి. నాలుగువైపుల నుంచి బండ్లు వచ్చే కూడలిలోకి చూడకుండా దూకితే ఇంకో ప్రమాదం జరుగుతుంది. తప్పనిసరై లైన్ దాటినందుకు కెమెరా చలానా వస్తే టైము, చోటు చెప్పి అభ్యంతరం పెట్టుకోవచ్చు. అంబులెన్స్ తెరిచిన దారిలో దాని వెనకే తోక పట్టుకుని దూసుకెళ్లే బైకులకు మాత్రం ఏ మినహాయింపూ లేదు, వెనక వస్తున్న రెండో అంబులెన్సుకు అడ్డం పడేది వీళ్లే.

ఇక ఈ చట్టంలో మాకు కనిపిస్తున్న పెద్ద కంత: 194ఇ బండి నడుపుతున్నవాడికే వర్తిస్తుంది, పార్క్ చేసి వెళ్లిపోయినవాడికి కాదు. ఇరవై అడుగుల బజారు రోడ్డు తీసుకోండి. ఒక పక్క అడ్డంగా నిలిపిన బైకులు ఆరున్నర అడుగులు, రెండో పక్క వరసగా నిలిపిన కార్లు ఆరడుగులు తినేస్తే మిగిలేది ఏడున్నర అడుగులు. అంబులెన్స్ ఒరుసుకుంటూ పోతుందేమో, ఎనిమిదడుగుల వెడల్పున్న ఫైరింజన్ ఆగిపోతుంది. సిబ్బంది బైకులు ఎత్తి పక్కన పెడుతుంటే అక్కడ మంట పై అంతస్తు అందుకుంటుంది. మరి ఆ కారు యజమానికి? రాకపోకలకు అడ్డం పెట్టినందుకు సెక్షన్ 201 కింద జరిమానా 500 రూపాయలకు మించదు. పక్కకు జరగని డ్రైవరుకు పదివేలు, జరగడానికి పక్కే లేకుండా చేసినవాడికి అయిదు వందలు. ఇదెక్కడి న్యాయం?

పార్లమెంటు సవరించేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. అడ్డంగా వదిలేసిన వాహనాన్ని తీయించే అధికారం సెక్షన్ 127 కింద పోలీసులకు ఇప్పటికే ఉంది. ఫైర్ స్టేషన్ గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా, పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లే దారి పొడవునా నో పార్కింగ్ గీత గీసి, గీత దాటిన ప్రతి బండినీ అదే రోజు టోయింగ్‌లో పెట్టాలని రెండు రాష్ట్రాల పోలీసు శాఖలనూ అడుగుతున్నాం. పురపాలక సంఘాలు బజారు సందుల్లో బైకులకు ఒక్క పక్కే చోటిచ్చి రెండో పక్క పూర్తిగా ఖాళీగా ఉంచాలి. రవాణా శాఖ ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో సందులో వెనక అంబులెన్స్ వస్తే ఏం చేస్తావన్న ప్రశ్న తప్పనిసరిగా అడగాలి.