దొంగ జీపీఏ రిజిస్టరైతే నిజమైపోతుందా?

జీపీఏ, అంటే మన తరఫున పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, దాని గురించి ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది:

"ఎన్నారైలూ జాగ్రత్త! 1. దొంగ జీపీఏతో మీ స్థలం రిజిస్టరైపోతే ఇక అది కొన్నోడిదే, కోర్టుకెళ్లినా రాదు. 2. ఒరిజినల్ కాగితాలు మీ దగ్గరుంటే ఎవడూ అమ్మలేడు. 3. ఇండియాలో ఎవరికీ జీపీఏ ఇవ్వొద్దు. అందరికీ పంపండి."

పంపారు. అందరూ పంపారు. గుంటూరులో మా బాబాయిలు, విజయవాడ పిన్ని, ఆఖరికి డల్లాస్‌లో ఉన్న బావ కూడా.

రెండోది జోకు. నకలు ఫీజు కడితే వస్తుంది, ఒరిజినల్ పోయిందని పేపర్లో ప్రకటన వేయడం దొంగకి పెద్ద పనా? వదిలేయండి.

మొదటిదే విషం. ఇది నమ్మి ఎంతమంది "పోయిందిలే" అనుకుని వచ్చినకాడికి రాజీ పడతారో. సబ్ రిజిస్ట్రార్ స్థలం ఎవరిదో తీర్పు చెప్పడండీ, మనుషులొచ్చారా, డ్యూటీ కట్టారా అనే చూస్తాడు. ఓనరు సంతకమే పెట్టనప్పుడు అతని హక్కు ఎటూ పోదు, కొన్నాయన పాపం నిజంగా మోసపోయినా సరే, ఆయన డబ్బు అమ్మినోడి దగ్గరే వసూలు చేసుకోవాలి.

ఉదాహరణకి, ఓనరు అమెరికాలో ఉండగా 2022 మార్చిలో ఆయనే గుంటూరొచ్చి జీపీఏ ఇచ్చినట్టు కాగితం పుట్టి, దాంతో స్థలం అమ్మేశారనుకుందాం. ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ తీస్తే అమ్మకం నంబరు దొరుకుతుంది, ఆ దస్తావేజు నకల్లో జీపీఏ నంబరు, ఏ ఆఫీసో ఉంటాయి, ఇక జీపీఏ నకలు తీస్తే అసలు కథ అక్కడుంటుంది: ఫొటో ఎవరిది, వేలిముద్ర ఎవరిది, ఈయనే ఓనరని గుర్తుపట్టిన ఆ మహానుభావులెవరు. ఆ తేదీకి ఓనరు దేశంలోనే లేడని పాస్‌పోర్టు ముద్రలు చెబుతాయి, ఎవడి బొటనవేలో పోలిస్తే తేలుతుంది. పోలీసు కంప్లయింట్ ఒక్కటే ఇచ్చి కూర్చుంటే మాత్రం స్థలం రాదు, సివిల్ దావా వేసి, మళ్లీ చేతులు మారకుండా ఇంజంక్షన్ అడగాలి. మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్లు దాటనివ్వకండి.

మూడోది, చెప్తే నవ్వుతారేమో, సగం ఒప్పుకుంటా. అమ్మే అధికారం రాసి మీరే నిజమైన జీపీఏ ఇచ్చి, మీ బావమరిది దాన్ని వాడి మీకు చెప్పకుండా అమ్మేశాడనుకోండి, అది ఫోర్జరీ కాదు, ఇక్కడ ఫార్వర్డ్ రాసినాయన భయం చాలావరకు నిజమే. కానీ మునిసిపాలిటీ పన్ను కట్టడానికి, కోర్టు కేసు చూడటానికి ఎవరో ఒకరు ఉండాలిగా, అందరూ విమానమెక్కి రాలేరు. అందుకే ఆ ఒక్క పనికి, సర్వే నంబరు రాసి, అమ్మే తాకట్టు పెట్టే అధికారం లేదని రాసి స్పెషల్ పవర్ ఇవ్వండి. కాన్సులేట్‌లో సంతకం పెట్టండి, కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించండి. పాత జీపీఏ ఉంటే రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించి, స్పీడ్ పోస్టులో ఆ జీపీఏ పుచ్చుకున్నాయనకీ సబ్ రిజిస్ట్రార్‌కీ పంపండి, ఎందుకంటే రద్దయిందని తెలియకుండా కొన్నవాడి మీద మీ రద్దు పనిచేయదు.