అమ్మవారు పోస్తే మూడు రోజులు ఆగమంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

"పిల్లలకి అమ్మవారు పోస్తే వెంటనే మాత్రలు వేయొద్దు, లోపలే అణిగిపోతుంది. మూడు రోజులు బాగా బయటికి పోసినాక ఎసైక్లోవిర్ అర మాత్ర పొద్దున, సాయంత్రం ఇస్తే చాలు. ఎక్కువైతే కిడ్నీలు పోతాయి. పొక్కుల మీద ఎసైక్లోవిర్ క్రీమ్ పూయండి. వేపాకు పక్కన పెట్టండి. పదిమందికీ పంపండి."

కాలనీ గ్రూపులో వచ్చింది, స్కూల్ పేరెంట్స్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా మేనత్త కూడా పంపించింది. నేను తిరుపతిలో పిల్లల డాక్టర్ని, ఈ మెసేజ్ చదివి ఆగిపోయి నాలుగో రోజు బిడ్డని ఎత్తుకొచ్చే అమ్మానాన్నల్ని చూస్తున్నా కాబట్టి ఇక ఊరుకోలేక రాస్తున్నా.

వేపాకు పెట్టుకోండి, గంగమ్మకి మొక్కుకోండి, వాటితో నాకు గొడవే లేదు. క్రీమ్ దండగ, అమ్మవారు అంటే చికెన్‌పాక్స్, ఆ వైరస్ రక్తంలో ఒళ్ళంతా తిరిగి చర్మానికి వచ్చినాక పైన పూస్తే ఏమీ కాదు, దురదకి కాలమైన్ లోషన్ చాలు.

అసలు ప్రమాదం ఆ మూడు రోజుల మాటలో ఉంది. ఎసైక్లోవిర్ వైరస్‌ని చంపదు, అది తన కాపీలు తయారు చేసుకోకుండా అడ్డుపడుతుంది, అంతే. వైరస్ పట్టిన కణంలోకి మందు వెళ్ళినాక ఆ వైరస్ ఎంజైమే దాన్ని పనిచేసే రూపంలోకి మార్చడం మొదలుపెడుతుంది, అప్పుడే కాపీలు ఆగుతాయి. అంటే కాపీలు జోరుగా తయారవుతున్నప్పుడే దీనికి పని. మొదటి పొక్కు కనబడిన రోజు ఆ జోరు ఉంటుంది, ఆ తర్వాత రెండు మూడు రోజులు కొత్త పొక్కులు తడవలు తడవలుగా వస్తూనే ఉంటాయి, ఈలోగా ఒంట్లో రోగనిరోధక శక్తి దాన్ని అదుపులోకి తెచ్చుకుంటుంది. మూడో రోజు దాటినాక మందు వేస్తే అది ఆపడానికి మిగిలిందేమిటి? వచ్చేసిన పొక్కుని మాపడం దాని వల్ల కాదు. బాగా బయటికి పోసినాక వేయండి అంటే మందు పనిచేసే రోజులన్నీ పోగొట్టుకుని, డబ్బులు ఖర్చుపెట్టి, అప్పుడు వేయండి అని చెప్పినట్టే. ఈ సలహా రాసినాయన నాలుగో రోజు ఎవరింటికొచ్చి ఆ బిడ్డని చూస్తాడు?

ఇక లోపలే ఉండిపోతుందనే భయం. ఉండిపోతుంది, నిజమే. మందు వేసినా వేయకపోయినా ఆ వైరస్ నరాల్లో నిద్రపోతూ ఉండిపోతుంది, కొంతమందికి పెద్దయ్యాక సర్పిగా, మనవైపు అక్కి అంటారే అలా బయటికొస్తుంది. పొక్కులు తక్కువ పోస్తే విషం లోపల మిగిలిందని అర్థం కాదు, వైరస్ తక్కువ పెరిగిందని అర్థం.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. పన్నెండేళ్ళలోపు ఆరోగ్యంగా ఉండే పిల్లల్లో చాలామందికి ఈ మందు అవసరమే లేదు. 1991లో అమెరికాలో 815 మంది పిల్లల మీద చేసిన ట్రయల్‌లో, మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టినా, జ్వరం సుమారు ఒక రోజు తగ్గింది, పొక్కులు కొన్ని తగ్గాయి, అంతే, కాంప్లికేషన్లలో తేడా కనబడలేదు. కాబట్టి మీ డాక్టర్ మందు రాయకుండా జ్వరానికి పారాసెటమాల్, బాగా నీళ్ళు, గోళ్ళు కత్తిరించడం చెప్పి పంపిస్తే ఆయన సరిగ్గానే చూశాడు. ఆస్పిరిన్ మాత్రం వద్దు, ఐబుప్రోఫెన్ కూడా వద్దు.

మరి ఎవరికి వేయాలంటే, పన్నెండు దాటిన పిల్లలకి, ఎగ్జిమా లాంటి చర్మ జబ్బు ఉన్నవాళ్ళకి, ఆస్తమాకి ఇన్‌హేలర్ వాడేవాళ్ళకి, ఇంకా ఇంట్లో ఒకరికి పోసినాక వాళ్ళ నుంచి అంటుకునే రెండో బిడ్డకి. ఈ చివరిది చాలామందికి తెలీదు. అన్నకి స్కూల్లో అంటుకుంటుంది, రాత్రీపగలూ అన్న పక్కనే ఉండే చెల్లెలికి వైరస్ ఎక్కువ మోతాదులో చేరుతుంది, అందుకే రెండో బిడ్డకి తరచుగా ఎక్కువ పొక్కులు, ఎక్కువ జ్వరం.

మొన్న ఒక ఇంట్లో ఇదే జరిగింది. ఎనిమిదేళ్ళ అబ్బోడికి పోసింది, మూడో రోజు తెచ్చారు, గట్టి పిల్లోడు, మందు రాయలేదు. చెల్లెలు మూడున్నరేళ్ళది, మోచేతుల మడతల్లో ఎగ్జిమా ఉంది. అమ్మకి ఒకటే చెప్పినా: అన్నకి పోసిన పదో రోజు నుంచి ఇరవయ్యొకటో రోజు దాకా, ముఖ్యంగా రెండు వారాలు దాటేటప్పుడు, రోజూ పొద్దున, సాయంత్రం పాప పొట్ట, వీపు, జుట్టు పాయలు తీసి తలమీద చూడు, దోమ కుట్టినట్టు ఎర్రటి చుక్కలొచ్చి కొన్ని గంటల్లోనే వాటి మధ్యలో నీటి బొట్టు నిలిచిందంటే ఫోన్ చెయ్యి, తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం కోసం కూడా చూడొద్దు, 24 గంటల లెక్క మొదటి చుక్క నుంచే. ఆమె సాయంత్రం స్నానం చేయిస్తూ చూసింది, ఆ రాత్రికే మొదటి డోసు పడింది.

ఇక్కడే ఆ అర మాత్ర సంగతి తేల్చాలి. డోసు బరువుని బట్టి: కిలోకి 20 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లు, ఐదు రోజులు, ఒక్కసారికి 800 దాటకూడదు. పాప 14 కిలోలు, అంటే ఒక్కసారికి 280. వాళ్ళకి దొరికిన సిరప్ 5 ఎం.ఎల్‌లో 400 మిల్లీగ్రాములు ఉండేది, కాబట్టి సిరంజితో మూడున్నర ఎం.ఎల్. రోజుకి 1120 మిల్లీగ్రాములు పడాలి. మెసేజ్ ప్రకారం 400 మాత్రలో సగం రెండుసార్లు ఇస్తే రోజుకి 400, కావాల్సిన దాంట్లో సగం కూడా కాదు. నోటితో వేసిన ఈ మందులో రక్తంలోకి చేరేది ఐదో వంతు కూడా ఉండదు, చేరింది కూడా కొన్ని గంటల్లోనే మూత్రంలో పోతుంది, అందుకే నాలుగుసార్లు. లేవగానే, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు, అర్ధరాత్రి లేపక్కర్లేదు. సిరప్‌లు ఒక్కోటి ఒక్కో బలంతో వస్తాయి కాబట్టి పక్కింటివాళ్ళు ఎన్ని ఎం.ఎల్ వేశారని అడిగి వేయకండి, డాక్టర్ మీ సీసా చూసి చెప్పాలి. రెండేళ్ళ లోపు బిడ్డైతే వేయాలా వద్దా అన్నదే డాక్టర్ నిర్ణయం.

కిడ్నీల మాటలో కొంచెం నిజముంది. మందు మూత్రంలోనే పోతుంది, బిడ్డకి ఒంట్లో నీళ్ళు తగ్గితే అది కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టే అవకాశం ఉంది, ఎక్కువగా ఇంజెక్షన్ వేగంగా ఎక్కించినప్పుడు. కాబట్టి మజ్జిగ, నీళ్ళు, గంజి బాగా తాగించండి, మూత్రం తగ్గినా, వాంతులవుతున్నా చెప్పండి, కిడ్నీ జబ్బు ముందే ఉంటే డోసు తగ్గిస్తాం. దానికోసం మందు సగం చేసుకోవడమేంటి?

24 గంటలు దాటిపోయిన ఆరోగ్యవంతమైన పిల్లలకి సాధారణంగా ఇక మందు వేయం, వదిలేస్తాం. కానీ కీమో తీసుకుంటున్న బిడ్డ, నెఫ్రోటిక్ అనే కిడ్నీ జబ్బుకి రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మింగే బిడ్డ, నెలలోపు పసికందు, వీళ్ళకి ఎన్ని గంటలైందని లెక్క పెట్టకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి, అక్కడ మందు నరంలోకి ఎక్కించాల్సి రావచ్చు. ఏ బిడ్డకైనా సరే ఎగశ్వాస వచ్చినా, తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కినా, పొక్కు చుట్టూ ఎర్రగా వాచి ముట్టుకుంటే ఏడ్చినా, నడుస్తూ తూలినా, మత్తుగా పడుకున్నా అదే దారి.